ముందు ఏ చాప్టర్? ఇంగ్లండ్ పదహారేళ్ల పిల్లల మూడు రంగుల పట్టిక

పరీక్షలు దగ్గరపడుతున్న కొద్దీ ప్రతి ఇంట్లోనూ రెండు సలహాలు వినిపిస్తాయి. కష్టమైనవి ముందు చదివెయ్, తేలికైనవి ఎప్పుడైనా వచ్చేస్తాయి అంటారు నాన్న. ముందు వచ్చినవి గట్టి చేసుకో, ధైర్యం వస్తుంది, కష్టమైనవి తర్వాత చూసుకోవచ్చు అంటుంది పక్కింటి అక్క. ఇద్దరి దగ్గరా అనుభవం ఉంది, ఇద్దరూ మేలు కోరే చెబుతారు. కానీ ఇద్దరూ చాప్టర్లను కష్టం అనే ఒకే కొలతతో వరుసలో నిలబెడుతున్నారు. ఆ వరుసను ఏ కొస నుంచి మొదలుపెట్టాలన్న దగ్గరే వాళ్లకు తేడా వస్తోంది. అసలు ఆ వరుసే సరైనదా అన్న ప్రశ్నకు ఇంగ్లండ్ బడుల్లో లెక్కల టీచర్లు కొంత పని చేసి పెట్టారు. వాళ్ల పద్ధతిని కాస్త నిదానంగా చూస్తే మన పిల్లలకు పనికొచ్చేది ఉంది.

అక్కడ పదహారేళ్లకు రాసే పరీక్షను జీసీఎస్ఈ అంటారు. లెక్కల్లో 2017 నుంచి గ్రేడ్లు 9 నుంచి 1 దాకా ఉంటాయి, 9 అన్నిటికన్నా పైది. పేపరు రెండు స్థాయిల్లో వస్తుంది. ఫౌండేషన్ రాసినవాళ్లకు గరిష్ఠంగా 5 మాత్రమే వస్తుంది. 9 దాకా వెళ్లాలంటే హయ్యర్ రాయాలి. ఎక్కువ మంది రాసే ఎడెక్సెల్, ఏక్యూఏ బోర్డుల్లో మూడు పేపర్లుంటాయి. ఒక్కోటి గంటన్నర, 80 మార్కులు, మొత్తం 240. మొదటి పేపరులో క్యాలిక్యులేటర్ ఉండదు. గ్రేడ్ 4 రాకపోతే తర్వాతి చదువులో కూడా లెక్కలు కొనసాగించాల్సిందే. అందుకే 3కీ 4కీ మధ్య ఊగే పిల్లల గురించి అక్కడి బడులు పడే ఆరాటం అంతా ఇంతా కాదు.

ఈ పేపరుకు మన పేపర్లలో లేని లక్షణాలు రెండున్నాయి. మొదటిది, ఛాయిస్ లేదు. ప్రతి ప్రశ్నా రాయాల్సిందే, ఏ చాప్టరునూ పూర్తిగా వదిలేసి పూర్తి మార్కులు తెచ్చుకునే దారి లేదు. రెండోది, ప్రశ్నలు తేలిక నుంచి కష్టానికి వరుసగా పేర్చి ఉంటాయి. మొదటి పేజీలో శాతాలు, చివరి పేజీలో సదిశల నిరూపణలు. చివరి ప్రశ్నలోని ఒక మార్కుకూ మొదటి ప్రశ్నలోని ఒక మార్కుకూ విలువ ఒకటే. హయ్యర్ పేపరులో గ్రేడ్ 4కు 240లో సుమారు అయిదో వంతు చాలు. 7 రావాలన్నా సగానికి కాస్త పైన తెచ్చుకుంటే సరిపోతుంది. అంటే పేపరులో చివరి మూడో వంతును ముట్టకుండానే చాలామంది తమకు కావలసిన గ్రేడుకు చేరగలరు.

ఏ విభాగం నుంచి ఎన్ని మార్కులు వస్తాయో ప్రభుత్వమే ముందే ప్రకటిస్తుంది. హయ్యర్‌లో బీజగణితం సుమారు 30 శాతం, నిష్పత్తులు 20, జ్యామితి 20, సంఖ్యలు 15, సాంఖ్యక శాస్త్రమూ సంభావ్యతా కలిపి 15. ఫౌండేషన్‌లో సంఖ్యలు, నిష్పత్తులు చెరి 25 దాకా పెరిగి బీజగణితం 20కి తగ్గుతుంది. ఇక్కడిదాకా మనకు తెలిసిన వెయిటేజీయే. ఆ తర్వాత వాళ్లు చేసేదాంట్లోనే అసలు సంగతి ఉంది.

ప్రీఫైనల్ లాంటి మాక్ పరీక్ష అయ్యాక చాలా బడుల్లో టీచర్లు విద్యార్థికి మొత్తం మార్కులతో పాటు ప్రశ్నవారీ పట్టిక కూడా ఇస్తారు. ప్రతి ప్రశ్న ఎదురుగా అది ఏ పాఠానిది, ఎన్ని మార్కులు, నీకెన్ని వచ్చాయి అని ఉంటుంది. మూడు పేపర్లలోనూ ఒకే పాఠానికి వచ్చిన మార్కులను కలిపి, దాన్నిబట్టి ఆ పాఠానికి ట్రాఫిక్ సిగ్నల్ రంగు వేస్తారు. దాదాపు అన్ని మార్కులూ వస్తే ఆకుపచ్చ, సగం అటూ ఇటూ వస్తే పసుపు, ఏమీ రాకపోయినా అంతంతమాత్రం వచ్చినా ఎరుపు. అనుభవం ఉన్న టీచర్లు పిల్లలను ముందు పసుపు దగ్గర కూర్చోబెడతారు. ఎరుపు తర్వాత వస్తుంది, ఆకుపచ్చను అప్పుడప్పుడూ తిరిగి చూసుకుంటే చాలు.

దీని వెనక ఉన్న కారణం అందరికీ తెలిసినట్టే ఉంటుంది, లెక్కలోకి దించితే మాత్రం ఆశ్చర్యపరుస్తుంది. ఒక అమ్మాయిని ఊహించుకుందాం. హయ్యర్ రాస్తోంది, మాక్‌లో 240కి 96 వచ్చాయి. పరీక్షకు ఆరు వారాలుంది. మిగతా సబ్జెక్టులు పోగా లెక్కలకు వారానికి నాలుగు గంటలు, మొత్తం 24 గంటలు మిగిలాయి. ఆమె పట్టికలోంచి కొన్ని పాఠాలు తీసుకుందాం. ఈ అంకెలు నేను పెట్టుకున్నవే, కానీ ఏ టీచరైనా చూసి ఇలాంటి పిల్లలు తెలుసంటారు.

శాతాలు, చక్రవడ్డీలో 18కి 15 వచ్చాయి. ఇది ఆకుపచ్చ, పోయినవి మూడే. వాటిలో రెండు తొందరపాటుతో పోయినవి. రెండు గంటలు కూర్చుంటే ఒక మార్కు పెరగొచ్చు. అంటే గంటకు అర మార్కు. మరో కొసన సదిశల నిరూపణ ఉంది. 5కి సున్నా, నిండు ఎరుపు. అయిదు గంటలు పోరాడితే మొదటి అడుగులకు ఇచ్చే రెండు మార్కులు రావొచ్చు, చివరిదాకా వెళ్లడం అనుమానం. గంటకు అర మార్కు కూడా లేదు. ఇప్పుడు సరళరేఖల గ్రాఫులు చూడండి. 14కి 6. రేఖ గీయడం వచ్చు, వాలు కనుక్కోవడం వచ్చు, రెండు బిందువులిస్తే సమీకరణం రాయడం దగ్గర ఆగిపోతోంది. నాలుగు గంటలు పెడితే ఆరు మార్కులు వస్తాయి, గంటకు ఒకటిన్నర.

తేలికైన పాఠమూ కష్టమైన పాఠమూ రెండూ గంటకు అర మార్కు దగ్గరే ఆగిపోయాయి. ఒకదాంట్లో సంపాదించడానికి ఇంకేమీ మిగల్లేదు, ఇంకోదాంట్లో ఉన్నది చేతికి అందడం లేదు. తేలిక ముందా కష్టం ముందా అని వాదించుకునే ఇద్దరూ ఈ అమ్మాయి మొదటి వారాన్ని పెద్దగా ఫలితం లేని చోటుకే పంపుతున్నారు.

కాబట్టి పాఠాలను వరుసలో పెట్టడానికి మూడు అంకెలు కావాలి. అందులో నాకు పోయిన మార్కులెన్ని, వాటిలో తిరిగి తెచ్చుకోగలిగినవెన్ని, దానికి ఎన్ని గంటలు పడుతుంది. రెండోదాన్ని మూడోదానితో భాగిస్తే వచ్చే అంకెను బట్టి వరుస. ఆమెకు సంభావ్యత చెట్టు పటాల్లో 12కి 6 వచ్చాయి, త్రికోణమితిలో 10కి 4. రెండూ మూడేసి గంటలు అడుగుతాయి, నాలుగేసి మార్కులు ఇస్తాయి. వర్గ సమీకరణాల్లో 16కి 7, అయిదు గంటలకు ఆరు మార్కులు. ఇవన్నీ పసుపే.

పట్టికలో రంగును గుడ్డిగా నమ్మకూడదని చెప్పే పాఠాలు కూడా రెండున్నాయి. వాటి దగ్గర కాసేపు ఆగాలి.

మొదటిది హిస్టోగ్రామ్, మన టెక్స్ట్‌బుక్కుల్లో సోపాన చిత్రం. ఆమెకు 7కి 1 వచ్చింది, ఎరుపు. ప్రశ్న హయ్యర్ పేపరులో బాగా వెనక వస్తుంది కాబట్టి పిల్లలు దీన్ని కష్టమైనదని పక్కన పెట్టేస్తారు. కానీ ఇందులో తెలుసుకోవలసింది ఒక్కటే. తరగతుల పొడవులు సమానంగా లేనప్పుడు స్తంభం ఎత్తు పౌనఃపున్యాన్ని చెప్పదు, స్తంభం వైశాల్యం చెబుతుంది. అందుకని పౌనఃపున్యాన్ని తరగతి పొడవుతో భాగించి ఎత్తు తెచ్చుకోవాలి. 10 నుంచి 30 దాకా ఉన్న తరగతిలో 40 మంది ఉంటే ఎత్తు 2, 30 నుంచి 35 దాకా ఉన్న తరగతిలో 20 మంది ఉంటే ఎత్తు 4. మంది సగమైనా స్తంభం రెండింతలు ఎత్తు. ఇది ఒకసారి తలకెక్కాక మిగిలిందంతా భాగహారమే. రెండు గంటల్లో నాలుగు మార్కులు వచ్చే పాఠం, అంటే గంటకు రెండు, మొత్తం పట్టికలో అన్నిటికన్నా మేలైన బేరం. దాని ఎరుపు రంగుకు కారణం కష్టం కాదు, ఆమె దాన్ని సరిగా ఎప్పుడూ చూడకపోవడం. కష్టంగా ఉంది అని పిల్లలు అన్నప్పుడు చూడలేదు అంటున్నారా, చూశాను కానీ అర్థం కాలేదు అంటున్నారా అని అడిగి తేల్చుకోవాలి.

రెండోది బీజీయ భిన్నాలు. 6కి సున్నా. దీన్ని ఉన్నదున్నట్టు ముందేసుకుని కూర్చుంటే ఆరు గంటలు తింటుంది, రెండు మార్కులిస్తుంది. ఎందుకంటే లవంలోనూ హారంలోనూ ఉన్న వర్గ బహుపదులను కారణాంకాలుగా విడగొట్టడం రాకపోతే కొట్టివేయడానికేమీ దొరకదు. విడగొట్టడం వర్గ సమీకరణాల పాఠంలో వస్తుంది. ఆ అయిదు గంటలు ముందు పూర్తి చేసి వస్తే ఇదే పాఠం మూడు గంటల్లో మూడు మార్కులిస్తుంది. పాఠంలో ఒక్క అక్షరం మారలేదు, ముందున్న మెట్టు ఎక్కి వచ్చిందంతే. ఆమె వరుసలో ముందు మెట్టుకు అదనపు విలువ వేయడం ఇందుకే.

ఈ లెక్క ప్రకారం ఆమె హిస్టోగ్రామ్, సరళరేఖలు, చెట్టు పటాలు, త్రికోణమితి, వర్గ సమీకరణాలు, బీజీయ భిన్నాలు, చివర్లో వృత్త సిద్ధాంతాలకు నాలుగు గంటలు, నాలుగు మార్కులు అని వేసుకుంటే 24 గంటలకు 31 మార్కులు వస్తాయి. ఎరుపు నుంచి మొదలుపెట్టి ఉంటే సదిశలకు, సిద్ధం కాని భిన్నాలకు కలిపి పదకొండు గంటలు పోయి మొత్తం ఇరవై రెండు దగ్గర తేలేది. ఆకుపచ్చ నుంచి మొదలుపెట్టి శాతాలు, సగటులు, నిష్పత్తుల మీద ఎనిమిది గంటలు గడిపి ఉంటే మొత్తం 26 దగ్గర ఆగేది. ఆత్మవిశ్వాసం మాత్రం బాగా పెరిగేది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ పసుపు పాఠం రెండు రోజుల్లో ఆకుపచ్చ అయినప్పుడు వచ్చే విశ్వాసం కూడా తక్కువేమీ కాదు.

ఈ అనుభవానికి మనస్తత్వ శాస్త్రంలో ఒక ఆధారం ఉంది. 1988లో థామస్ నెల్సన్, జేకబ్ లియొనీసియో అనే పరిశోధకులు విద్యార్థులకు కావలసినంత సమయం ఇచ్చి, బాగా నేర్చుకోండి అని చెప్పి చూశారు. వాళ్లు కష్టమైన అంశాల మీద ఎక్కువ సమయం పెట్టారు. అదనంగా గడిపిన సమయమంతటికీ గుర్తున్నది మాత్రం పెద్దగా పెరగలేదు. 2002లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన జానెట్ మెట్‌కాఫ్ స్పానిష్ పదాల జతలతో ఇంకో ప్రయోగం ప్రచురించారు. తేలిక, మధ్యరకం, కష్టం మూడూ తెర మీద ఒకేసారి చూపించి, సమయాన్ని కొద్ది సెకన్ల నుంచి నిమిషం దాకా మార్చారు. సమయం తక్కువున్నప్పుడు జనం తేలిక వైపు మొగ్గారు, సమయం పెరిగేకొద్దీ కష్టం వైపు జరిగారు. భాష ముందే బాగా తెలిసినవాళ్లు మొదటి నుంచే కష్టమైన వాటిని ఎంచుకున్నారు. దాదాపు వచ్చేసి, ఇంకా పూర్తిగా రాని చోటు ఒకటి ప్రతి మనిషికీ ఉంటుందని, సమయం అక్కడే బాగా పనిచేస్తుందని ఆమె వాదన. ఇంగ్లండ్ టీచర్లు పసుపు రంగు వేసేది ఆ చోటుకే. ఆ చోటు ఒక్కో పిల్లకు ఒక్కో పాఠంలో ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ కదులుతుంది. ఎవరికో తయారుచేసిన ప్రణాళికను ఫోటో తీసి వాట్సాప్‌లో పంచుకుంటే పని జరగకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1ఎ చాలా ఏళ్లు 75 మార్కుల పేపరుగా నడిచింది. రెండు మార్కుల ప్రశ్నలు పదీ రాయాలి. నాలుగు మార్కులవి ఏడింటిలో అయిదు, ఏడు మార్కులవి ఏడింటిలో అయిదు. అంటే పేపరులో కనిపించే మార్కులు 97, రాసేవి 75. మాత్రికలకు 22 మార్కులు, ఏడు మార్కుల ప్రశ్నలే రెండు. త్రికోణమితి పరివర్తనల దాకా 15, సదిశల లబ్ధం 13, ప్రమేయాలు 11, త్రిభుజ ధర్మాలు 11, సదిశల సంకలనం 8, గణితానుగమనం 7, మిగతావన్నీ కలిపి 10. ఏ లెక్చరర్‌నైనా నిద్రలో లేపి అడిగినా ఈ అంకెలు చెబుతారు. ఇంత కచ్చితమైన వెయిటేజీ ఇంగ్లండ్ పిల్లలకు లేదు. వాళ్లకు బీజగణితం సుమారు 30 శాతమని తెలుస్తుంది తప్ప, చివరి ప్రశ్న ఏ పాఠం నుంచి వస్తుందో తెలియదు.

మన దగ్గర పిల్లవాడి వైపు అంకె కరువు. ప్రీఫైనల్ పేపరు చేతికొస్తుంది, మీద 41 అని ఉంటుంది, దాన్ని ఇంట్లో చూపించి సంతకం పెట్టించుకుని బ్యాగులో పడేస్తారు. 75లో మిగిలిన 34 మార్కులు ఏ చాప్టర్లో ఎన్ని పోయాయో ఎవరూ కూడి రాయరు. ఫలితంగా అందరూ ఒకే వెయిటేజీ పట్టుకుని ఒకే వరుసలో చదువుతారు. మాత్రికల్లో 22కి 20 తెచ్చుకుంటున్న అబ్బాయి కూడా వెయిటేజీ ఎక్కువని మళ్లీ మాత్రికలే చేస్తాడు. అతనికి పోయినవి సదిశల లబ్ధంలో.

ఛాయిస్ ఉండటం లెక్కను ఇంకొంచెం మారుస్తుంది. లాంగ్ ఆన్సర్లు ఏడింటిలో రెండు వదలొచ్చు కాబట్టి, అయిదింటికి సిద్ధమైన పిల్లకు ఆరోది ఇచ్చే అదనపు మార్కు నిజానికి సున్నా, అది కేవలం భద్రత. త్రిభుజ ధర్మాల్లో ఏడు మార్కుల ప్రశ్నకు పది గంటలు పట్టేటట్టుంటే, మిగతా ఆరు చేతిలో ఉన్నవాళ్లు దాన్ని వరుస చివరకు నెట్టడం న్యాయమే. రెండు మార్కుల ప్రశ్నల్లో మాత్రం ఛాయిస్ లేదు. అక్కడ పోయిన ప్రతి మార్కూ నిజంగా పోయినట్టే. ఒకే ఏడు మార్కుల ప్రశ్నతో కుస్తీ పట్టేవాళ్లు పది చిన్న ప్రశ్నల్లో ఆరు పోగొట్టుకుంటే అవి పన్నెండు మార్కులు.

వదిలేసిన చాప్టర్ ఎక్కడికీ పోదన్నది కూడా లెక్కలో ఉండాలి. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో 80 లెక్కలవే. తప్పు జవాబుకు మార్కు తగ్గించరు, కానీ ఏడింటిలో అయిదు రాయమనే వెసులుబాటు లేదు. బోర్డు పరీక్షకు చివర పెట్టిన త్రిభుజ ధర్మాలు అక్కడ ముందుకొస్తాయి. ఇంగ్లండ్‌లోనూ ఇంతే. గ్రేడ్ కోసం బీజగణితంలోని కష్టమైన భాగాన్ని దాటవేసిన పిల్లలు పై చదువైన ఎ-లెవెల్‌లో లెక్కలు తీసుకున్నప్పుడు మొదటి నెలలోనే ఇబ్బంది పడతారు. అందుకే చాలా కాలేజీలు అక్కడ 6 గానీ 7 గానీ ఉంటేనే చేర్చుకుంటాయి. ముందు చదువు అదే దారిలో ఉన్నవాళ్లు ఎరుపును వాయిదా వేయొచ్చు, కొట్టివేయకూడదు.

రంగులు వేసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది, ఇక్కడా అక్కడా ఒకటే. పాఠం ఇప్పుడే చదివి, పుస్తకం మూయగానే వచ్చేసింది అనుకుని ఆకుపచ్చ వేసుకోవడం. నెల్సన్, జాన్ డన్లాస్కీ 1991లో దీన్ని చూపించారు. చదివిన వెంటనే వేసుకున్న అంచనా నమ్మదగినది కాదు, కాసేపు ఆగి, జవాబు కనిపించకుండా తమను తాము అడిగి వేసుకున్న అంచనా చాలా దగ్గరగా వస్తుంది. కాబట్టి సాయంత్రం చేసిన చాప్టర్‌కు రంగు మర్నాడు పొద్దున వేయాలి, అది కూడా పాత పేపరులో ప్రశ్న రాసి దిద్దుకున్నాక. ఒక్క పేపరుతో తీర్పు చెప్పకూడదు. ఒక చాప్టర్ నుంచి ఆ ఏడాది తేలిక ప్రశ్న పడి ఉండొచ్చు. కనీసం మూడు పాత పేపర్ల మార్కులు కలిపితే రంగు నిలకడగా ఉంటుంది. పోయిన మార్కు తెలియక పోయిందా, గుర్తు తప్పి పోయిందా అన్నది పక్కన ఒక అక్షరంతో గుర్తు పెట్టుకోవాలి. రెండో రకానికి పాఠం మళ్లీ చదివితే లాభం లేదు, లెక్క చివర సరిచూసుకునే అలవాటు కావాలి.

మెట్‌కాఫ్ ప్రయోగంలో సమయం తగ్గేకొద్దీ చూపు తేలిక వైపు జరిగినట్టే, పరీక్షకు దగ్గరయ్యేకొద్దీ ఈ వరుస కూడా జరుగుతుంది. రెండు నెలలున్నప్పుడు పసుపుతో పాటు ముందు మెట్టుగా పనికొచ్చే ఒకటి రెండు ఎరుపులు పెట్టుకోవచ్చు. తిరగబడినా సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. నెల మిగిలినప్పుడు పసుపే. చివరి వారంలో కొత్త ఎరుపు తెరవకూడదు. అప్పటికి సగం అర్థమై సగం కాని పాఠం పరీక్షలో ఒక పేజీ రాయించి, ఇరవై నిమిషాలు తీసుకుని, రెండు మార్కులిస్తుంది. ఆ వారం 1ఎ రాసే పిల్ల చేయాల్సింది గత అయిదేళ్ల పేపర్లలోని రెండు మార్కుల ప్రశ్నలు రోజుకు రెండు సెట్లు గడియారం పెట్టుకుని రాయడం. దాని తర్వాత మాత్రికల్లో అడిగే నిర్ధారకాల నిరూపణ ఒకటి, సమీకరణాల సాధన ఒకటి, అడుగులు తప్పకుండా.